మిద్దె మీద మచ్చ

మా అవ్వ పెళ్లి ఫొటో రెండు ముక్కలుగా నా చేతికొచ్చింది. పెద్ద ముక్కలో అవ్వ, తాత పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఎడమవైపు వాళ్ల వెనకాల వీధి ఉండాలి, కానీ అక్కడ పసుపు తిరిగిన తెలుపు తప్ప ఏమీ కనపడదు. చిన్న ముక్క కుడివైపుది. దాంట్లో తాత భుజం వెనక గోడ, ఒక కిటికీ రెక్క. రెండింటికీ మధ్య, పైన కుడి మూలలో, అరచేతిలో సగమంత జాగా అసలు లేనేలేదు. ఎప్పుడో మా చిన్నాయన రెండు ముక్కలనూ సెల్లోటేపుతో అతికించాడు. ఆ టేపు ఎండి ఊడిపోయింది. దాని జిగురు మాత్రం కాగితంలోకి ఇంకి, బెల్లపు పాకం రంగులో పట్టీలా మిగిలింది.

ఆ ఫొటో 1969 వైశాఖంలో, పెళ్లయిన మరునాడు పొద్దున, అవ్వ పుట్టింటి ముందు తీసింది. కర్నూలు నుంచి ఫొటోగ్రాఫరు బస్సులో వచ్చాడట. ఆ ఊరు ఇప్పుడు లేదు. శ్రీశైలం జలాశయం కింద మునిగిన సుమారు వంద ఊళ్లలో అదొకటి. 1981లో జనాన్ని ఖాళీ చేయించారు. సంగమేశ్వరం గుడి ఎండాకాలంలో నీళ్లలోంచి బయటపడి, వానలొచ్చాక మళ్లీ మునిగిపోతుందే, ఆ దాపునే ఉండేది. అవ్వ ఊరికి సంబంధించి మా ఇళ్లన్నింటిలో మిగిలిన బొమ్మ ఇదొక్కటే. అందుకని అవ్వ నన్ను అడిగింది కూడా మొహాల గురించి కాదు.

"మేము బాగానే ఉన్నాంలే నాయనా. ఎనకాల మా ఊరు పోయింది చూడు, అది రప్పించు" అంది.

మొహాలు ఎందుకు నిలిచాయి, ఊరు ఎందుకు పోయింది? పనికి కూర్చునే ముందు నాకు తేలాల్సింది ఇదే. ఆ కాలపు నలుపు తెలుపు ఫొటోలో రంగంటూ ఏదీ ఉండదు. కాగితం మీద జెలటిన్ పొర, ఆ పొరలో కంటికి కనపడనంత సన్నటి వెండి రేణువులు, అంతే. నల్లగా కనిపించేచోట రేణువులు దట్టంగా ఉంటాయి, తెల్లగా కనిపించేచోట పలచగా ఉంటాయి. తాత కోటు, అవ్వ జుట్టు, పట్టుచీర నలుపులు కాబట్టి అక్కడ వెండి బోలెడంత ఉంది. ఎండలో మెరిసే సున్నపు గోడలు, దూరాన మసకగా కనపడే వీధి, ఆకాశం ఇవన్నీ చాలా తక్కువ వెండితో గీసిన బొమ్మలు. తేమ, పొయ్యి పొగ, కాగితంలో మిగిలిపోయిన మందు కలిసి వెండిని తినడం మొదలుపెడితే, ఉన్నవాడికి నష్టం తెలియదు, లేనివాడు ముందు కూలిపోతాడు. ఊరు లేనివాడి పక్షాన ఉంది.

మందు అంటే హైపో. ఫొటో కడిగేటప్పుడు వెలుగు తగలని వెండి లవణాన్ని కరిగించడానికి వాడతారు. ఆ తరవాత పారే నీళ్లలో చాలాసేపు కడగాలి. నీళ్లకు కరువైన చోట, పెళ్లిళ్ల కాలంలో తొందర మీద ఉన్న స్టూడియోలో, ఆ కడుగుడు సగంలో ఆగిపోవడం మామూలే. మిగిలిన హైపోలోని గంధకం ఏళ్ల తరబడి వెండిని పట్టుకుని పసుపు, గోధుమ రంగుల్లోకి మారుస్తుంది. మా ఫొటో కథ అదే. చిరుగు మాత్రం వేరే కారణంతో వచ్చింది. ఫ్రేములో ఫొటో అద్దానికి ఆనుకుని ఉండేది. వానాకాలపు తేమకు జెలటిన్ ఉబ్బి అద్దానికి అంటుకుంది. అద్దం పగిలిన రోజు ఎవరో ఫొటోను లాగారు. బొమ్మ పొర అద్దంతో పోయింది, కాగితం చినిగింది. అద్దానికి అంటుకున్న ఫొటో ఎవరింట్లో ఉన్నా దయచేసి లాగకండి. అద్దంతో సహా అలాగే స్కాన్ చేయించండి. ఊడదీయడం సంరక్షకుల పని.

రెండు ముక్కలనూ మళ్లీ అతికించాలన్న ఆలోచన కూడా నేను పెట్టుకోలేదు. వేటికవి స్కానర్ గాజు మీద పరిచాను. నాలుగున్నర, ఆరున్నర అంగుళాల ఫొటో. అంగుళానికి 1200 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే అడ్డంగా 7800, నిలువుగా 5400 చుక్కలు వస్తాయి. నలుపు తెలుపు ఫొటోయే అయినా రంగుల్లోనే స్కాన్ చేయాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. మొదటిసారి నేనూ చేశాను. "నలుపు తెలుపు" అన్న మీట నొక్కితే స్కానర్ మూడు రంగులనూ కలిపి ఒకటే బూడిద రంగు చేసేస్తుంది. మనకు కావలసిన ఊరు ఆ కలపడంలోనే మాయమవుతుంది.

ఎలాగో చెబుతాను. రంగు స్కాన్ లోపల నిజానికి మూడు బొమ్మలుంటాయి. ఎరుపు వెలుగుకు కనపడేది, ఆకుపచ్చ వెలుగుకు కనపడేది, నీలం వెలుగుకు కనపడేది. పసుపు రంగు వస్తువు ఎరుపు వెలుగును దాదాపుగా వెనక్కి పంపేస్తుంది, అందుకే ఎరుపు బొమ్మలో తెల్లగా కనపడుతుంది. నీలం వెలుగును మాత్రం మింగుతుంది, కాబట్టి నీలం బొమ్మలో నల్లగా తేలుతుంది. ఇప్పుడు మా ఫొటోను తలుచుకోండి. వెలిసిన వీధిలో నల్ల వెండి పోయింది గానీ, దాని జాడగా లేత పసుపు మిగిలింది. మామూలు కంటికి తెల్ల కాగితం మీద లేత పసుపు ఆనదు. నీలం బొమ్మలో ఆ పసుపే గీతలై నిలబడుతుంది.

గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ మూడింటినీ విడదీసే ఆదేశం Colors > Components > Decompose అన్నచోట ఉంటుంది. అది నొక్కి, నీలం పొర ఒక్కదాన్నే చూశాను. ఎడమ అంచు నుంచి లోపలికి ఒక సన్నని ఏటవాలు గీత. దాని కింద ఇంకొకటి. Curves తెరిచి, లేత ఛాయలున్న భాగాన్ని కొద్దికొద్దిగా కిందికి లాగుతుంటే ఆ గీతలు మిద్దెల పైఅంచులయ్యాయి. ఒకదాని వెనక ఒకటి నాలుగు మిద్దెలు, వీధి చివర గుండ్రంగా ఒక చెట్టు. నలభై ఏళ్లకు పైగా నీళ్లలో ఉన్న వీధి, మా ఇంటి బల్ల మీద. నేను లేచి నీళ్లు తాగొచ్చి మళ్లీ కూర్చున్నాను.

నీలం పొరతో ఒక చిక్కుంది. టేపు జిగురు కూడా పసుపే కదా, అది ఆ పొరలో తారు పట్టీలా నల్లబడింది. ఆ పట్టీ పడినంత మేరకు ఎరుపు పొరను తీసుకుని, మిగతా వీధికి నీలం పొరను ఉంచి, రెండింటినీ అంచుల దగ్గర మెల్లగా కలిపాను. పట్టీ కింద గోడ మళ్లీ కనపడింది. ఇంతవరకూ నేను ఒక్క గీత కూడా గీయలేదని గమనించండి. ఉన్నదాన్ని కనపడేలా చేశానంతే. నా దృష్టిలో ఈ పనిలో ముప్పాతిక భాగం ఇదే. ఎవరైనా దీన్ని వదిలేసి నేరుగా బొమ్మ గీయడానికి దిగితే, ఆ ఊరు వాళ్ల ఊరవుతుంది గానీ ఫొటోలోని ఊరు కాదు.

ఇక లేని జాగా సంగతి. కుడి మూల, అరచేతిలో సగం. అక్కడ ఏముండేది? మొదట నేను ఇంటి గోడ అక్కడ అయిపోయి, పక్కన సందు, పైన ఆకాశం ఉండి ఉంటుందనుకున్నాను. ఎందుకలా అనుకున్నానంటే చెప్పలేను. బొమ్మకు ఆ ఖాళీ అందంగా ఉంటుందనిపించింది. అందంగా ఉంటుందనిపించడం ఆధారం కాదని తరవాత తెలిసొచ్చింది.

ఆధారం మా మామ ఇంట్లో, ట్రంకుపెట్టె అడుగున దొరికింది. ఊళ్లు మునిగేముందు ప్రభుత్వం నష్టపరిహారం కట్టేటప్పుడు ఇంటింటికీ కొలతలు రాసుకుంటుంది. గోడ దేనితో కట్టారు, పైకప్పు ఏమిటి, పొడవెంత, పెరట్లో ఏయే చెట్లున్నాయి, అన్నీ లెక్కే. అవ్వ వాళ్ల నాయన పేరుతో ఉన్న ఆ కాగితంలో రాతిగోడల మట్టిమిద్దె, వీధివైపు గోడ 24 అడుగులు అని ఉంది. ముంపు ఊళ్లవాళ్ల ఇళ్లలో ఇలాంటి కాగితాలు ఇంకా చాలా ఉంటాయి. డబ్బు ఎంతొచ్చిందో చూసి మడిచి పెట్టేసినవే తప్ప, ఇంటి నక్షాగా ఎవరూ వాటిని చదివి ఉండరు.

24 అడుగులంటే ఫొటోలో ఎన్ని చుక్కలు? దీనికి ఒక పాత సూత్రం పనికొచ్చింది. చదునైన నేల మీద కెమెరా ఎంత ఎత్తున ఉంటే, ఫొటోలో నిలబడిన ప్రతి వస్తువునూ దిగంతరేఖ సరిగ్గా అంత ఎత్తునే కోస్తుంది. దగ్గరి మనిషినైనా, దూరపు గోడనైనా అంతే. వీధిలో మిద్దెల పైఅంచుల గీతలనూ, గోడల పాదాల గీతలనూ పొడిగిస్తే అవన్నీ ఒక బిందువు దగ్గర కలిశాయి. ఆ బిందువు గుండా అడ్డంగా గీసిన గీతే దిగంతరేఖ. అది తాత నడుము మీదుగా పోయింది. తాత పాదాల నుంచి తలదాకా 2640 చుక్కలు, పాదాల నుంచి ఆ గీత దాకా 1680. తాత ఎత్తు ఐదున్నర అడుగులని ఇంట్లో అందరికీ తెలుసు. లెక్క కడితే కెమెరా మూడున్నర అడుగుల ఎత్తున ఉంది. అంటే నడుము దగ్గర పట్టుకుని, పైనుంచి వంగి చూస్తూ తీసే రెండు కళ్ల డబ్బా కెమెరా అయ్యుండాలి. ఈ మాట చెబితే అవ్వ నవ్వి, "ఔ, ఆయప్ప మాకు దండం పెట్టినట్టు వంగుకొని తీసినాడు" అంది. లెక్క సరిగ్గా వచ్చిందనడానికి నాకు ఆ మాట చాలు.

ఇప్పుడు గోడ. గోడ పాదం నుంచి దిగంతరేఖ దాకా 1050 చుక్కలు. అది మూడున్నర అడుగులకు సమానం, కాబట్టి గోడ దగ్గర అడుగుకు 300 చుక్కలు. పాదం నుంచి పైఅంచు దాకా 3150, అంటే గోడ ఎత్తు పదిన్నర అడుగులు. ఫొటోలో గోడ ఎడమ మూల స్పష్టంగా ఉంది. అక్కడినుంచి ఫొటో కుడి అంచు దాకా 5400 చుక్కలు, అంటే 18 అడుగులు. గోడ పొడవేమో 24. ఫొటో అయిపోయాక కూడా ఇంకో ఆరడుగుల గోడ ఉంది. సందూ లేదు, ఆకాశపు ఖాళీ లేదు. చినిగిన మూలలో ఉండాల్సింది గోడే, దాని పైన చూరు నాపరాళ్లు, వాటి పైన సన్నని ఆకాశపు పట్టీ. నేను దాదాపు ఒక వీధిని సృష్టించబోయాను.

ఏముందో తేలాక దాన్ని నింపడం చేతిపనే. పక్కనున్న గోడ నుంచి రాళ్లను తీసుకొచ్చి ఖాళీలో అద్దాలి. ఇలా అద్దిన పని పట్టుబడేది మూడు చోట్ల. ఒకే రాయి రెండుసార్లు కనపడితే కన్ను దాని మీదే ఆగిపోతుంది. అలా కాకూడదని రాళ్లను అటూ ఇటూ తిప్పి అతికిస్తే ఇంకో తప్పు దొర్లుతుంది. మా ఫొటోలో ఎండ ఎడమనుంచి పడుతోంది, ప్రతి రాయికీ కుడి అంచున నీడ ఉంది. తిప్పిన రాయికి నీడ ఎడమన పడుతుంది. నేను నాలుగు రాళ్లను ఇలాగే పెట్టి, మరునాడు చూసుకుని తీసేశాను. మూడోది, అద్దిన చోట అంచులను మెత్తగా కలుపుతూ పోతే ఫొటోకు సహజంగా ఉండే ఇసుక లాంటి గరుకు పోయి, ప్లాస్టిక్ కాగితంలా నున్నగా మెరుస్తుంది. ఆ గరుకును తిరిగి చల్లాలి.

దూరపు వీధి విషయంలో లెక్క అంతగా పనిచేయలేదు. ఎందుకో ఊరికి వెళితే గానీ తెలియలేదు. శ్రీశైలం జలాశయం నిండితే నీటిమట్టం 885 అడుగులు. అది బాగా దిగిపోయిన ఒక మే నెలలో మామ నన్ను తీసుకెళ్లాడు. పగిలిన ఒండ్రుమట్టి, పునాది రాళ్ల వరసలు, బోర్లాపడ్డ ఒక రోలు. ఇల్లు ఏదో మామ చెప్పగలిగాడు గానీ గోడ కొలవడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. కాళ్లకు మాత్రం ఒకటి తెలిసింది. వీధి చదును కాదు, ఏటి వైపు వాలుగా దిగుతుంది. కింద నిలబడిన ఇంటి పాదం కూడా కిందే ఉంటుంది కాబట్టి, చదును నేల సూత్రంతో దాని ఎత్తు కొలిస్తే తప్పు వస్తుంది. అందుకే ఆ నాలుగు మిద్దెల ఎత్తులను నేను సరిదిద్దలేదు. నీలం పొరలో ఎలా వచ్చాయో అలాగే ఉంచాను.

ఇంక మిగిలింది మనుషుల జ్ఞాపకం. దీన్ని వాడడానికి కూడా ఒక పద్ధతుంది. "వీధి చివర చింతచెట్టు ఉండేదా అవ్వా?" అని అడిగితే ఉండేదనే అంటుంది. మనం అడిగిన చెట్టు ఆమె కళ్లముందు మొలుస్తుంది. అలా కాకుండా, "నీళ్లకు పోయేటప్పుడు గడప దాటినాక ఏమేం కనపడేవి?" అని అడిగి వింటూ కూర్చోవాలి. అవ్వ బిందె చంకన పెట్టుకుని నడిచినట్టే చెప్పింది. మంగలాయన మిద్దె, దాని పక్క గడ్డివామి, తరవాత రచ్చకట్ట, కట్ట మీద చింతచెట్టు. పునరావాస కాలనీలో ఉంటున్న ఆమె చిన్నాయన కూతురిని విడిగా అడిగితే వరసంతా అదే చెప్పి, చెట్టు దగ్గరికొచ్చేసరికి వేప అంది. మళ్లీ అడిగినా వేపే. ఇద్దరూ ఆ చెట్టు కింద ఆడుకున్నవాళ్లే. నష్టపరిహారం కాగితంలో రచ్చకట్ట చెట్టు ఉండదు, అది ఊరిది. ఫొటోలో గుండ్రటి ఆకారం తప్ప ఆకు లేదు. కాబట్టి నా బొమ్మలోనూ అది గుండ్రటి ఆకారమే. చింత కాదు, వేప కాదు. ఆలంపురంలో, ముంపు నుంచి తప్పించడానికి కూడవెల్లి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి నిలబెట్టిన సంగమేశ్వరాలయాన్ని చూసినప్పుడల్లా నాకొకటి అనిపిస్తుంది. విప్పి తెచ్చిన రాయిని నిలబెట్టడం వేరు, లేని రాయికి శిల్పం చెక్కడం వేరు.

ఫొటో నిండా మచ్చలున్నాయి. బూజు చుక్కలు, ఈగ మరకలు, తేమ పొంగులు. మూడు రాత్రులు కూర్చుని ఒక్కొక్కటే తీశాను. పక్కనున్న ఛాయను తెచ్చి మచ్చ మీద కప్పే పరికరం ఉంటుంది. దాన్ని గుండ్రంగా చేసి, మచ్చ మీద పెట్టి నొక్కితే మచ్చ పోతుంది. ఆ పని మత్తుగా ఉంటుంది, చేతికి అలవాటైపోతుంది.

అంతా అయ్యాక పెద్ద తెర మీద అవ్వకు చూపించాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తెరకు దగ్గరగా జరిగి, తన మొహాన్ని, తాత మొహాన్ని దాటేసి, వీధిలోకి పోయింది. వేలితో మిద్దెలను లెక్కపెట్టింది.

"ఇండ్లన్నీ వచ్చినాయి. మా తమ్ముడు యాడ?" అంది.

"ఏ తమ్ముడు అవ్వా?"

"చిన్నోడు. ఫొటో తీస్తాంటే రాలేదు, అలిగి మంగలాయన మిద్దెక్కినాడు. పిట్టగోడ మింద కూచున్నాడు. మా నాయన దిగురా అని అరిచినాడు, దిగలా. వాడు ఆడనే ఉండాల."

ఆ తమ్ముడి గురించి నేను విన్నది ఒక్కమాటే. పదేళ్లు నిండకుండానే జ్వరం వచ్చి పోయాడని. వాడి ఫొటో అంటూ ఎక్కడా లేదు.

అసలు స్కాన్ పొరను నేను ముట్టుకోలేదు. చేసిన పని అంతా దానిపైన వేరే పొరల్లో చేశాను. పై పొరలన్నీ మూసి, నీలం పొరలో మంగలాయన మిద్దె అంచు దగ్గరికి వెళ్లాను. ఉంది. నలభై చుక్కల వెడల్పున ఒక మచ్చ, దాని కింద కొంచెం వెడల్పాటి ఇంకో మచ్చ. రెండో రాత్రి నేనే దాన్ని ఒక్క నొక్కుతో తీసేశాను.

అది మురికి కాదని ముందే తెలుసుకోవచ్చు. నాకు తట్టలేదంతే. బూజు చుక్కా, ఈగ మరకా కాగితం పైన ఉంటాయి. స్కానర్ కాగితం పైభాగాన్ని పదునుగా చూస్తుంది కాబట్టి వాటి అంచులు కత్తిరించినట్టు ఉంటాయి. దూరపు వీధి ఆ రోజు కెమెరా కంటికే మసక, దాని చుట్టుపక్కల ఉన్నదేదైనా అదే మసకతో రావాలి. పదునైన మచ్చ కాగితానిది, మసక మచ్చ ఊరిది. తీసేసిన ప్రతి మచ్చనూ మళ్లీ ఈ లెక్కన చూశాను. మిగతావన్నీ కాగితానివే. మిద్దె మీది ఈ ఒక్కటే మసకగా ఉంది. పక్కనున్న పిట్టగోడ ఎంత మసకో సరిగ్గా అంతే. దాని కుడిపక్క చిన్న నీడ కూడా పడుతోంది, గోడ రాళ్లకు పడినట్టే.

ఒక కొలత కూడా వేసి చూశాను. ఆ మిద్దె దగ్గర అడుగుకు సుమారు 60 చుక్కలు. వీధి వాలు వల్ల కొంత అటూ ఇటూ కావచ్చు. నలభై చుక్కలంటే అడుగులో మూడింట రెండువంతులు, ఎనిమిది అంగుళాలు. జుట్టుతో కలిపి పిల్లవాడి తల అంత ఉంటుంది.

పై పొరలో ఆ చోట మాత్రం నా అద్దకాన్ని చెరిపేశాను. కింద ఉన్నది పైకి కనపడింది. అవ్వ గుర్తుపట్టింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"కండ్లు పెట్టు నాయనా. ముక్కూ అవీ పెట్టు. నీకొచ్చు కదా" అంది.

నాకు వచ్చు. నలభై చుక్కల్లో రెండు నల్ల చుక్కలు పెడితే కళ్లవుతాయి. చూసినవాళ్లకు అది పిల్లవాడి మొహంలాగే ఉంటుంది. కానీ ఆ నలభై చుక్కల్లో కళ్లు లేవు. అవి ఎప్పుడూ లేవు. ఆ రోజు కెమెరా ఆ పిల్లవాణ్ని ఇంతే చూసింది. నేను పెట్టే కళ్లు ఎవరివవుతాయి? మా ఇంట్లో ఇంకెవరివో, లేదా నావి. రేపు మా పిల్లలు దాన్ని పెద్దది చేసి చూసి, వీడే తాతమ్మ తమ్ముడు అనుకుంటారు.

ఇదంతా అవ్వకు చెప్పాలని నోరు తెరిచాను, చెప్పలేకపోయాను. "వాడి కండ్లు నాకు తెలీవు అవ్వా" అన్నాను.

అవ్వ కాసేపు చూసి, "పిల్లి కండ్లు లే. నీకు రావు" అంది. మళ్లీ అడగలేదు.

రెండు ప్రతులు అచ్చు వేయించాను. ఒకటి స్కాన్ చేసినది చేసినట్టు, చిరుగుతో, పసుపుతో, జిగురు పట్టీతో. రెండోది తిరిగి నిలబెట్టిన ఊరితో. అసలు ఫొటో ముక్కలను లామినేషన్ చేయించకుండా, ప్లాస్టిక్ కవరులో పెట్టకుండా, విడివిడిగా తెల్ల కాగితంలో మడిచి బీరువాలో పెట్టాను. రెండో ప్రతిని గరుకు నూలు కాగితం మీద తీయించాను, వెనకవైపు పెన్సిలుతో రాయడానికి వీలుగా. ఫొటోలో ఉన్నదేదో, నేను చేర్చిందేదో వెనక రాసిపెట్టాను. కుడి పైమూల గోడ, నష్టపరిహారం కాగితం కొలతను బట్టి చేర్చింది. వీధి, నాలుగు మిద్దెలు, ఫొటోలోనివే. చెట్టు, చింతో వేపో తెలియదు.

అవ్వ ఆ కాగితం తీసుకుని చదివించుకుంది. పెన్సిలు అడిగింది. బడికి పోయింది మూడో తరగతి దాకానే. వంకరటింకర అక్షరాలతో, "చెట్టు" అన్న నా వాక్యం కింద "చింత" అని రాసింది. దాని కింద తమ్ముడి పేరు రాసి, కూర్చున్నాడు అని రాసింది.